లుక్‌అలైక్ ప్రచారాల మూల్యాంకనం: సీడ్ జాబితా నాణ్యత, కస్టమర్ల తదుపరి విలువ

ఒక వ్యాపారం తన పాత కస్టమర్ల జాబితాను ప్రకటనల వేదికకు అప్పగిస్తే, ఆ వేదిక వారిని పోలిన కొత్తవారిని వెతికి ఒక సమూహంగా చేర్చి ఇస్తుంది. ఆ సమూహాన్ని లుక్‌అలైక్ ఆడియన్స్ అనీ, దానికి ఆధారంగా ఇచ్చిన జాబితాను సీడ్ అనీ అంటారు. ఈ సమూహానికి చూపిన ప్రకటనలు ఎంత ఫలించాయో తేల్చడానికి సాధారణంగా మొదటి వారంలో ఒక్కో ఆర్డర్‌కు ఎంత ఖర్చయిందో చూస్తారు. ఆ లెక్క తరచూ తప్పుదారి పట్టిస్తుంది. సీడ్‌లో ఎలాంటివారు ఉన్నారు, ఆ సీడ్ ద్వారా వచ్చిన కొత్త కస్టమర్లు తరువాతి నెలల్లో ఎంత మిగిల్చారు అనే రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసే పద్ధతే ఈ వ్యాసానికి విషయం.

విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా అన్న సామెత ఈ పనికి అక్షరాలా వర్తిస్తుంది. పార్సిల్ వెనక్కి పంపినవారు సీడ్‌లో ఉంటే, వేదిక పార్సిల్ వెనక్కి పంపేవారిని కూడా వెతికి తెస్తుంది. జాబితాలో ఎవరు మంచి కస్టమర్, ఎవరు కాదు అన్నది మనం చెప్పనంతవరకు దానికి తెలియదు.

నేపథ్యం

ఫేస్‌బుక్ 2012లో కస్టమ్ ఆడియన్స్‌ను, 2013లో లుక్‌అలైక్ ఆడియన్స్‌ను ప్రవేశపెట్టింది. జాబితాలోని ఒక్కో వ్యక్తి పక్కన అతని విలువను రూపాయల్లోనో డాలర్లలోనో రాసి పంపే వీలు 2017లో వచ్చింది. గూగుల్ తన సిమిలర్ ఆడియన్స్‌ను 2023లో ఉపసంహరించింది. డిమాండ్ జెన్ ప్రచారాల్లో మాత్రం లుక్‌అలైక్ సెగ్మెంట్లను ఉంచింది. లింక్డిన్ 2024లో ఈ సదుపాయాన్ని ఆపేసింది.

మెటా వేదికలో సీడ్‌లో ఒకే దేశానికి చెందినవారు కనీసం 100 మంది ఉండాలి. లుక్‌అలైక్ పరిమాణాన్ని ఎంచుకున్న దేశంలోని వాడుకరులలో 1 శాతం నుంచి 10 శాతం వరకు పెట్టుకోవచ్చు. 1 శాతం అంటే సీడ్‌కు అతి దగ్గరివారు. శాతం పెరిగేకొద్దీ పోలిక పలచబడుతుంది. ఏ లక్షణాల ఆధారంగా పోల్చిందో వేదిక చెప్పదు. కాబట్టి ఇచ్చిన సీడ్‌ను, వచ్చిన కస్టమర్లను పరిశీలించడం తప్ప ప్రకటనకర్తకు మరో దారి లేదు.

సీడ్ నాణ్యత అంటే ఏమిటి

సీడ్ నాణ్యతకు జాబితా పొడవు కొలత కాదు. అందులోకి ఎవరు ఎలా చేరారన్నదే అసలు ప్రశ్న. "గత ఏడాది ఆర్డర్ చేసిన అందరూ" అన్న జాబితా తయారు చేయడం తేలిక. భారతదేశంలో క్యాష్ ఆన్ డెలివరీ మీద అమ్మే వ్యాపారానికి మాత్రం అందులో నాలుగు రకాల మనుషులు కలిసిపోతారు: డబ్బు కట్టి తీసుకున్నవారు, డెలివరీ బాయ్ గుమ్మం ముందుకొచ్చాక వద్దన్నవారు, డిస్కౌంట్ కూపన్ ఉన్నప్పుడే కొన్నవారు, తిరిగి అమ్ముకోవడానికి టోకుగా కొన్నవారు. వీరందరిలో ఉమ్మడిగా కనిపించేది ఫోన్‌లో ఆర్డర్ బటన్ నొక్కడం ఒక్కటే. వేదిక నేర్చుకునేది కూడా అదే.

రెండో విషయం మ్యాచ్ రేటు, అంటే పంపిన జాబితాలో ఎంతమందిని వేదిక తన వాడుకరులుగా గుర్తుపట్టిందన్నది. ఫోన్ నంబర్లు, ఈమెయిళ్లు SHA-256 పద్ధతిలో హ్యాష్ అయ్యాక పోల్చబడతాయి. హ్యాష్‌లో ఒక్క అక్షరం తేడా వచ్చినా పోలిక కుదరదు. నంబర్ల వరుసను ఎక్సెల్‌లో తెరిచి మూసిన తరువాత `9.19E+11` అని కనబడే గడులు ఈ పని చేసేవారికి బాగా పరిచయం. అలా సేవ్ అయిన ఫైలులో చివరి అంకెలు పోతాయి, ఆ నంబరు ఇక ఎవరిదీ కాదు. ముందు సున్నా ఉన్న నంబర్లు, దేశపు కోడ్ 91 లేనివి, మధ్యలో ఖాళీలు ఉన్నవి కూడా ఇదే ఇబ్బంది తెస్తాయి. సొంతంగా హ్యాష్ చేసేవారు చేసే మరో పొరపాటు ఇలా ఉంటుంది:

```
echo 'name@example.com' | sha256sum
printf '%s' 'name@example.com' | sha256sum
```

చూడటానికి రెండూ ఒకటే. కానీ మొదటిది ఈమెయిల్ చివర కొత్త వరుస గుర్తును కలిపి హ్యాష్ చేస్తుంది కాబట్టి ఒక్క మనిషీ జత కుదరడు. రెండోదే సరైనది.

మ్యాచ్ రేటు తగ్గడం కన్నా, ఎవరు జత కుదరలేదన్నది ముఖ్యం. రెండు వేర్వేరు చోట్ల నుంచి జాబితా తెచ్చి కలిపినప్పుడు, వెబ్‌సైట్‌లో కొన్నవారి నంబర్లు శుభ్రంగానూ వాట్సాప్‌లో ఆర్డర్ ఇచ్చేవారి నంబర్లు చిందరవందరగానూ ఉంటే, వేదికకు చేరే సీడ్‌లో వాట్సాప్ కస్టమర్లు దాదాపు ఉండరు. వ్యాపారానికి వాళ్లే నమ్మకమైన కస్టమర్లయితే, కాగితం మీద మంచిదనిపించిన సీడ్ వేదిక దగ్గర మరొకటి అవుతుంది.

సీడ్‌ను ముందే కొలవడం, అందులోని చక్రం

సీడ్‌లోని మనుషుల విలువను లెక్కగట్టేటప్పుడు ఒక తప్పు తెలియకుండానే జరుగుతుంది. "ఎక్కువ డబ్బు ఖర్చు చేసినవారు" అని ఎంచి, తరువాత "చూడండి, ఈ సీడ్ విలువ ఎంత ఎక్కువో" అంటే అది చక్రంలో తిరగడమే. ఎంపికకు వాడిన కొలతనే రుజువుగా చూపినట్టు అవుతుంది. పైగా అలా ఎంచినవారిలో కొందరు ఒక్క పెళ్లి ఆర్డర్ వల్ల పైకొచ్చినవారు ఉంటారు. వారి తరువాతి ఏడాది మామూలుగానే గడుస్తుంది.

దీనికి మందు కాలాన్ని రెండుగా కోయడం. ఉదాహరణకు గత ఏడాది జనవరి నుంచి మార్చి మధ్య తొలిసారి కొన్న అందరినీ తీసుకోవాలి. వారు తొలి 60 రోజుల్లో చేసిన పనులను బట్టి మాత్రమే సీడ్‌కు ఎంచాలి. ఆ తరువాతి 180 రోజుల్లో వారు మిగిల్చిన సొమ్ముతో ఆ సీడ్ నాణ్యతను కొలవాలి. ఎంపిక చేసినప్పుడు చేతిలో లేని సమాచారంతో కొలిచాం కాబట్టి ఆ అంకెను నమ్మవచ్చు.

తదుపరి విలువ దేనిని లెక్కిస్తుంది

తదుపరి విలువ అంటే బిల్లు మొత్తం కాదు. సరుకు ఖర్చు, ప్యాకింగ్, కొరియర్, పేమెంట్ ఛార్జీలు, తిరిగొచ్చిన పార్సిళ్ల రానుపోను ఖర్చు పోగా మిగిలినదే లెక్కలోకి వస్తుంది. వ్యాపారులు ఆర్‌టీవో అని పిలిచే తిరుగు పార్సిల్ ఇక్కడ కీలకం. ఎందుకంటే వేదిక డాష్‌బోర్డులో ఆ ఆర్డర్ కొనుగోలుగానే నమోదై ఉంటుంది. ప్రకటన డాష్‌బోర్డుకు పార్సిల్ చేరిందో లేదో తెలియదు. మనం తిరిగి చెప్తే తప్ప అది తెలుసుకోదు.

ఎన్ని రోజులు చూడాలన్నది సరుకును బట్టి ఉంటుంది. కారప్పొడి, పప్పుల పొడి కొనేవారు నెలా రెండు నెలలకు మళ్లీ వస్తారు. కొత్త ఆవకాయ కోసం వేసవిలో వచ్చినవారు మళ్లీ వేసవికే రావచ్చు. 180 రోజుల లెక్కలో వారు ఒక్కసారి కొని వదిలేసినవారిలా కనిపిస్తారు. అందుకే పరీక్ష మొదలయ్యే కాలాన్ని, చూసే గడువును ముందే రాసిపెట్టుకోవాలి. ఫలితాలు చూశాక గడువు మార్చడం మొదలైతే కోరుకున్న సీడ్‌ను గెలిపించుకోవచ్చు. అలాంటి పరీక్ష వల్ల ఏమీ తెలియదు.

పరీక్ష నిర్మాణం

రెండు సీడ్‌లను పోల్చడానికి కనీసం మూడు బృందాలు అవసరం: మొదటి సీడ్‌తో చేసిన లుక్‌అలైక్, రెండో సీడ్‌తో చేసిన లుక్‌అలైక్, ఏ సీడ్ లేకుండా వయసు, ప్రాంతం మాత్రమే పెట్టిన విశాల బృందం. మూడోది లేకపోతే రెండు సీడ్‌లలో ఏది మేలో తెలుస్తుందే గానీ, సీడ్ వాడటం వల్ల అసలు లాభం ఉందా అన్నది తెలియదు. మూడింటికీ ఒకే ప్రకటన, ఒకే ధర, ఒకే బడ్జెట్, ఒకే వారాలు ఉండాలి. రెండు లుక్‌అలైక్‌లలో చాలామంది ఉమ్మడిగా ఉంటారు కాబట్టి, వేదికలోని ఏ/బీ టెస్ట్ సాధనంతో ఒక మనిషి ఒకే బృందంలో పడేలా చూడాలి.

ఈ దశలో చాలా పరీక్షలు చెడిపోయేది పాత కస్టమర్ల దగ్గర. లుక్‌అలైక్ తన సీడ్‌లోని మనుషులను సాధారణంగా పక్కన పెడుతుంది, కానీ ఆ సీడ్‌లో లేని మిగతా పాత కస్టమర్లను కాదు. చిన్న, నాణ్యమైన సీడ్ తీసుకుంటే, జాబితాలో చేరని వేలమంది పాత కస్టమర్లు దాని లుక్‌అలైక్‌లోకి వచ్చి చేరతారు. వారు ఇప్పటికే మనల్ని ఎరిగినవారు కాబట్టి కొంటారు, మళ్లీ కొంటారు. చిన్న సీడ్ అద్భుతంగా పనిచేసిందన్న భ్రమ కలుగుతుంది. మొత్తం కస్టమర్ల జాబితాను మూడు బృందాల నుంచీ మినహాయిస్తేనే పోలిక న్యాయంగా ఉంటుంది.

ఒక ఉదాహరణ

పద్ధతిని చూపడానికి ఊహించిన లెక్క ఇది. గుంటూరు నుంచి పచ్చళ్లు, పొడులు ఆన్‌లైన్‌లో అమ్మే ఒక దుకాణం రెండు సీడ్‌లు తయారు చేసింది. "అందరి సీడ్"లో ఏడాదిలో ఆర్డర్ చేసిన 18,400 మంది ఉన్నారు. "రెండోసారి సీడ్"లో తొలి 60 రోజుల్లో కనీసం రెండు పార్సిళ్లు అందుకుని డబ్బు కట్టిన 2,600 మంది ఉన్నారు. ముందస్తు కొలతలో, ఆ 60 రోజుల తరువాతి 180 రోజుల్లో పార్సిల్ అందుకున్న ఒక్కో కస్టమర్ మిగిల్చినది మొదటి సీడ్‌లో సగటున ₹150, రెండోదానిలో ₹600. అంటే నాలుగింతల తేడా.

మూడు బృందాలకూ నాలుగు వారాలపాటు తలా ₹3,00,000 ఖర్చు పెట్టారు. తిరిగొచ్చిన ఒక్కో పార్సిల్‌కు ₹140 నష్టం. చేరిన తొలి ఆర్డర్ మీద మిగిలేది బృందాల వరుసలో ₹180, ₹220, ₹185. మళ్లీ చేసే ఒక్కో ఆర్డర్ మీద ₹240.

| | అందరి సీడ్ | రెండోసారి సీడ్ | సీడ్ లేకుండా |
|---|---|---|---|
| నమోదైన ఆర్డర్లు | 1,000 | 750 | 800 |
| ఒక్కో ఆర్డర్‌కు ప్రకటన ఖర్చు | ₹300 | ₹400 | ₹375 |
| చేరిన పార్సిళ్లు | 680 | 630 | 592 |
| తొలి ఆర్డర్ల నికర మిగులు | ₹77,600 | ₹1,21,800 | ₹80,400 |
| మళ్లీ కొన్నవారు | 102 | 189 | 107 |
| 180 రోజుల మొత్తం మిగులు | ₹1,26,560 | ₹2,57,880 | ₹1,31,760 |

మొదటి వారం తీర్పు ఇచ్చి ఉంటే అందరి సీడ్‌దే గెలుపు, రెండోసారి సీడ్ అన్నింటికన్నా ఖరీదైనది. పార్సిళ్లు చేరాక ఆ తేడా దాదాపు కరిగిపోయింది: చేరిన ఒక్కో కస్టమర్‌కు ప్రకటన ఖర్చు ₹441, ₹476. తొలి బృందంలో 320 పార్సిళ్లు తిరిగొచ్చాయి, రెండోదానిలో 120. మళ్లీ కొనడం మొదలయ్యాక లెక్క పూర్తిగా తిరగబడింది. రెండోసారి సీడ్ ద్వారా వచ్చినవారిలో 30 శాతం మంది మళ్లీ కొన్నారు, ఒక్కొక్కరు సగటున మూడు ఆర్డర్లు చేశారు. అందరి సీడ్‌లో 15 శాతం మంది, రెండేసి ఆర్డర్లు. సీడ్ లేని బృందంలో 18 శాతం మంది, వారూ రెండేసి ఆర్డర్లే.

ఇక్కడ గమనించాల్సినవి రెండు. మొదటిది, అందరి సీడ్‌కూ సీడ్ లేని బృందానికీ మధ్య 15 శాతం, 18 శాతం అన్న తేడా యాదృచ్ఛికంగా రాగలిగినంత చిన్నది. ఈ సంఖ్యల మీద ప్రామాణిక దోషం సుమారు 2 శాతం పాయింట్లు ఉంటుంది కాబట్టి సీడ్ లేని బృందమే మేలని చెప్పలేం. అందరి సీడ్ ఏ విలువనూ చేర్చినట్టు కనబడలేదని మాత్రం చెప్పగలం. 30 శాతానికి, 15 శాతానికి మధ్య తేడా మాత్రం ఆ దోషానికి ఆరు రెట్లకు పైగా ఉంది.

రెండోది, అత్యుత్తమ బృందం కూడా 180 రోజుల్లో ప్రతి రూపాయికి 86 పైసలే తిరిగి తెచ్చింది. దాన్ని విజయం అని పిలవాలంటే, ఆ కస్టమర్లు ఆ తరువాత కూడా కొంటూ ఉంటారని పాత కస్టమర్ల కొనుగోలు సరళి చూపించాలి. సీడ్ మేలుగా ఉండటం వేరు, ప్రచారం గిట్టుబాటు కావడం వేరు.

పోలిక ఎంత నిలిచింది

సీడ్ నాణ్యతనూ తదుపరి విలువనూ ముడిపెట్టేది ఈ చివరి మెట్టు. ముందస్తు కొలతలో రెండు సీడ్‌ల మధ్య తేడా నాలుగింతలు. కొత్త కస్టమర్లలో మళ్లీ కొనుగోళ్ల మిగులు తలకు ₹72, ₹216, అంటే మూడింతలు. వరుస మారలేదు, తేడా కొంత పలచబడింది. గడువులు అచ్చంగా ఒకటి కావు కాబట్టి ఇది సుమారు పోలికే. అయినా ఆశించదగిన ఫలితం ఇలాగే ఉంటుంది. సీడ్‌లో ఎంచినది మనుషుల నడతను చూసి. వేదిక వెతికింది వారి పోలికలను చూసి. పోలిక నడతలో కొంత భాగాన్నే మోసుకొస్తుంది. విలువ స్థాయి తగ్గిందని నిరుత్సాహపడటం కన్నా, సీడ్‌ల వరుస కొత్త కస్టమర్లలోనూ అలాగే నిలిచిందా అని చూడటం సరైన పద్ధతి.

నాలుగైదు సీడ్‌లను ఇలా పరీక్షించాక ముందస్తు వరుసకూ తదుపరి వరుసకూ పొంతన కుదిరితే, ఆ తరువాత ప్రతిసారీ ఆరు నెలలు ఆగనక్కరలేదు. కొత్త సీడ్‌ను పాత లెక్కలతోనే జల్లెడ పట్టవచ్చు. పొంతన కుదరకపోతే కారణం మూడు చోట్ల వెతకాలి. సీడ్ వేదికకు చేరేసరికి జత కుదరక మారిపోయి ఉండవచ్చు. లుక్‌అలైక్ శాతం మరీ పెద్దదై ఉండవచ్చు. లేదా ప్రచారం వెతికే లక్ష్యమే వేరై ఉండవచ్చు. మూడోదే ఎక్కువగా కనిపిస్తుంది. లుక్‌అలైక్ హద్దు గీస్తుంది, ఆ హద్దులో ఎవరికి ప్రకటన చూపాలో ప్రచార లక్ష్యం నిర్ణయిస్తుంది. లక్ష్యం "ఆర్డర్ నమోదు" అయితే, మంచి హద్దులో కూడా వేదిక తేలిగ్గా బటన్ నొక్కేవారినే ఏరుతుంది. చేరిన పార్సిళ్లను, ముందే డబ్బు కట్టిన ఆర్డర్లను లక్ష్యంగా తిరిగి పంపితేనే సీడ్ తేడా బయటపడుతుంది.

పరిమితులు

మెటాలోని అడ్వాంటేజ్ ప్లస్ ఆడియన్స్‌లో లుక్‌అలైక్ ఒక సూచన మాత్రమే; మేలనిపిస్తే వేదిక ఆ హద్దు దాటి వెళ్తుంది. అలాంటి ప్రచారంలో కొలిచేది సీడ్ ఇచ్చిన సూచన ఫలితాన్నే గానీ, ఆ లుక్‌అలైక్‌లోని మనుషులను కాదు. పరీక్ష మొదలయ్యేముందు ఈ అమరిక ఎలా ఉందో చూసి రాసిపెట్టుకోవాలి.

నమ్మకమైన కస్టమర్లను పోలినవారిలో వారి బంధువులు, ఇరుగుపొరుగు కూడా ఉండవచ్చు. ఆవకాయ రుచి చూసి ప్రకటన లేకపోయినా వచ్చేవారు వీరు. వారి విలువ గొప్పగానే ఉంటుంది, కానీ అది ప్రకటన తెచ్చింది కాదు. దీన్ని విడదీయాలంటే లుక్‌అలైక్‌లోని కొంతమందికి ప్రకటన చూపకుండా ఆపి, రెండు వర్గాల కొనుగోళ్లనూ పోల్చాలి. మరో చిక్కు, కొనేవారు ఒకరు, తినేవారు మరొకరు కావడం. అమెరికాలో ఉన్న పిల్లలకు పార్సిల్ పంపే తల్లిదండ్రుల నంబరే సీడ్‌లో ఉంటుంది. వేదిక పోల్చేది ఆ తల్లిదండ్రులను.

సీడ్ తన వెంట సామాజిక వివక్షను కూడా మోసుకెళ్లగలదు. అమెరికాలో ఇల్లు, ఉద్యోగం, రుణాల ప్రకటనల విషయంలో ఈ ఆక్షేపణ మీద 2019లో ఫేస్‌బుక్ పౌరహక్కుల సంఘాలతో ఒప్పందానికి వచ్చి, ఆ ప్రకటనల కోసం లుక్‌అలైక్‌కు ఒక ప్రత్యేక రూపం తెచ్చింది. 2022లో అమెరికా న్యాయశాఖతో కుదిరిన ఒప్పందంతో ఆ రూపాన్నీ వదులుకుంది. భారతదేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సమ్మతికి పెద్దపీట వేస్తుంది. పార్సిల్ చేర్చడానికి ఇచ్చిన నంబరును ప్రకటనల వేదికకు పంపేముందు, ఆ పనికి కస్టమర్ ఒప్పుకున్నారా అని చూసుకోవాల్సిన బాధ్యత దుకాణానిదే. సమ్మతి ఇచ్చినవారే సీడ్‌లో మిగిలితే జాబితా చిన్నదవుతుంది, దాని స్వభావమూ మారుతుంది. ముందస్తు కొలతను ఆ కుదించిన జాబితా మీదే మళ్లీ చేయాలి. పాత పెద్ద జాబితా మీద వచ్చిన అంకె దానికి వర్తించదు.